పక్కకు నడిచే హీరో పాదం జారకుండా

2005లో వచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్ 4’ ఆడినవాళ్లకు ఒక విషయం బాగా గుర్తుండి ఉంటుంది. హీరో లియోన్ తుపాకీ ఎత్తి గురిపెట్టాడంటే ఇక అడుగు కదలదు. ఊరు ఊరంతా గొడ్డళ్లతో మీదికొస్తున్నా నిలబడ్డచోటే నిలబడి కాల్చాలి, కదలాలంటే తుపాకీ దించాలి. 2023లో అదే ఆటను మళ్లీ తయారు చేసినప్పుడు లియోన్ గురి తప్పకుండానే పక్కకీ వెనక్కీ అడుగులు వేస్తాడు. ఆడేవాడికి అది చిన్న సౌకర్యమే. దాన్ని తయారు చేసేవాళ్లకు మాత్రం పెద్ద పని, ఎందుకంటే అక్కడినుంచి మనిషి చూసే దిక్కు వేరు, నడిచే దిక్కు వేరు.

మనం వెనకనుంచి చూస్తూ ఆడే ఆటల్లో, అంటే థర్డ్ పర్సన్ ఆటల్లో, హీరో ఎటు నడిస్తే అటే తిరిగేటట్టయితే లెక్క తేలిక. ఆగి ఉండటం, నడక, పరుగు అనే మూడు యానిమేషన్ క్లిప్‌లను వేగం ప్రకారం వరుసగా పేర్చుకుంటే సరిపోతుంది. వేగం పెరుగుతున్నకొద్దీ నడక తగ్గుతూ పరుగు పెరుగుతుంది. కానీ శత్రువు మీద చూపు నిలిపి పక్కకు జరగాలంటే, ఆటలవాళ్ల భాషలో స్ట్రేఫ్ చేయాలంటే, ఎంత వేగం అన్నదానితోపాటు ఎటు అన్నది కూడా కావాలి. ఈ రెంటినీ చూసి చేతిలో ఉన్న క్లిప్‌లలో దేన్ని ఎన్ని పాళ్లు కలపాలో తేల్చే ఏర్పాటే బ్లెండ్ ట్రీ. చాలామంది వాడే యూనిటీ ఇంజిన్‌లో దాన్ని ఎలా కట్టాలో ఇక్కడ చూద్దాం. అన్‌రియల్ ఇంజిన్‌లో దీన్ని బ్లెండ్ స్పేస్ అంటారు. పేరు మారినా చిక్కులు చాలావరకు ఇవే.

ముందు ఒక గ్రాఫ్ ఊహించుకోండి. మధ్యలో సున్నా, అక్కడ హీరో ఊరికే నిలబడి ఉన్న క్లిప్ ఉంటుంది. పైకి వెళ్తే ముందుకు కదలిక, కిందికి వెళ్తే వెనక్కి, కుడిఎడమలకు వెళ్తే పక్కలకు. మధ్యనుంచి ఎంత దూరం పోతే అంత వేగం. మన హీరో నడక సెకనుకు 1.5 మీటర్లు, పరుగు సెకనుకు 4 మీటర్లు అనుకుందాం. అప్పుడు ముందుకు నడిచే క్లిప్‌ను (0, 1.5) దగ్గర, ముందుకు పరిగెత్తేదాన్ని (0, 4) దగ్గర, కుడికి నడిచేదాన్ని (1.5, 0) దగ్గర పెడతాం. మిగతావీ ఇలాగే.

ఈ అంకెలు నోటికొచ్చినట్టు వేసేవి కావు. క్లిప్ ఒక చుట్టు పూర్తయ్యేసరికి, అంటే ఎడమ కాలు ఒక అడుగు, కుడి కాలు ఒక అడుగు వేసేసరికి, మనిషి ఎంత దూరం పోయాడో కొలిచి దాన్ని పట్టిన సమయంతో భాగించాలి. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన మన నడక క్లిప్ 30 ఫ్రేములు, పోయిన దూరం 1.5 మీటర్లు. పరుగు 21 ఫ్రేములు, అంటే 0.7 సెకను, పోయిన దూరం 2.8 మీటర్లు. భాగిస్తే 4 వచ్చింది. క్లిప్‌లో కదలిక ఉన్నచోటే ఉండకుండా నిజంగా ముందుకు సాగేదైతే యూనిటీయే ఈ కొలత తీసి పెడుతుంది. `Compute Positions` కింద `Velocity XZ` ఎంచుకుంటే చాలు. మిక్సామో లాంటి చోట ఉచితంగా దొరికే క్లిప్‌లను `In Place` టిక్కు పెట్టి దించుకుంటే ఆ కదలిక తీసేసి ఇస్తారు, అప్పుడు కొలత మన పనే. నేలమీద ఆనిన పాదం హీరో నడుముకు సంబంధించి సెకనుకు ఎన్ని మీటర్లు వెనక్కి పోతోందో చూస్తే అదే ఆ క్లిప్ వేగం.

ట్రీ రకం ఎంచుకునేచోట యూనిటీ కొన్ని పేర్లు చూపిస్తుంది. `2D Simple Directional` ఒక్కో దిక్కుకు ఒక్క క్లిప్‌నే ఒప్పుకుంటుంది కాబట్టి నడకా పరుగూ రెండూ ఉన్న మనకు పనికిరాదు. మనకు కావలసింది `2D Freeform Directional`. దీని వెనకున్న లెక్క డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో రూనె స్కోవ్‌బో యోహాన్సెన్ 2009లో రాసిన సిద్ధాంత వ్యాసంలోది. ఒక్కో క్లిప్‌ను మిగతా అన్నింటితో జతజతగా పోల్చి, తన బిందువు దగ్గర పూర్తి బలం, ఎదుటిదాని బిందువు దగ్గర సున్నా ఉండేట్టు చూస్తుంది. పోలికలన్నింటిలో వచ్చిన అతి తక్కువ విలువే ఆ క్లిప్ బలం. చివర్లో అందరి బలాలూ కలిపితే ఒకటి వచ్చేట్టు సర్దుతుంది. ఇందులోని తెలివి ఏమిటంటే కోణాన్నీ వేగాన్నీ వేరువేరుగా చూడటం. అందువల్ల కుడిముందుకు మధ్యరకం వేగంతో పోతుంటే నడక, పరుగు, ముందు, పక్క అన్నీ తలా కాస్త కలుస్తాయి.

ట్రీకి అందించాల్సింది రెండే అంకెలు. హీరో నిజంగా ఎంత వేగంతో ఎటు పోతున్నాడో తీసుకుని, దాన్ని లోకం దిక్కుల్లోంచి అతని సొంత ముందువెనకల్లోకి మార్చాలి. అతను తూర్పుకు పోతున్నాడని చెబితే ట్రీకి ఏమీ తెలియదు. తన కుడికి పోతున్నాడని చెప్పాలి.

```csharp
Vector3 local = transform.InverseTransformDirection(controller.velocity);
animator.SetFloat("VelX", local.x, 0.1f, Time.deltaTime);
animator.SetFloat("VelZ", local.z, 0.1f, Time.deltaTime);
```

ఆ `0.1f` మెత్తదనం కోసం. అది లేకపోతే మీట నొక్కీనొక్కగానే కాళ్లు ఒక భంగిమలోంచి ఇంకో భంగిమలోకి టక్కున దూకుతాయి. దాన్ని మరీ పెంచి 0.4 చేశారనుకోండి, శరీరం కుడికి మళ్లిపోయాక కూడా కాళ్లు ఇంకా ముందుకే నడుస్తుంటాయి. మీట నొక్కిన విలువను కాకుండా నిజమైన వేగాన్నే అందించడం మంచిది. గోడకు గుద్దుకుని ఆగిపోయిన హీరో అక్కడే పరిగెత్తుతున్నట్టు కనబడితే కారణం సాధారణంగా ఇదే. పైగా ముందుకీ కుడికీ మీటలు రెండూ ఒకేసారి నొక్కితే వచ్చే విలువ (1, 1). దాని నిడివి 1.41. దాన్ని `Vector3.ClampMagnitude` తో ఒకటికి కుదించకపోతే హీరో మూలగా పోతున్నప్పుడు నలభై శాతం వేగంగా పోతాడు.

ఇక్కడిదాకా కడితే తెరమీద ఏదో ఒకటి కదులుతుంది. అది నడకలా ఉందా లేదా అన్నది మాత్రం క్లిప్‌ల మీద ఆధారపడి ఉంటుంది. బ్లెండ్ ట్రీకి నడక అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసిందల్లా సగటు తీయడం. ఈ క్లిప్‌లో మోకాలు ఇంత వంగింది, ఆ క్లిప్‌లో అంత వంగింది, పాళ్లు ఇవి, కాబట్టి మధ్యలో ఇంత. రెండు మంచి నడకల సగటు మంచి నడకే అవుతుందన్న హామీ ఎక్కడా లేదు.

మొదటి దెబ్బ అడుగుల వరస దగ్గర తగులుతుంది. క్లిప్‌ల నిడివి వేరైనా యూనిటీ వాటిని ఒక చుట్టులో ఎన్నో వంతు అన్న లెక్కన జతచేసి నడిపిస్తుంది. నడక సగంలో ఉంటే పరుగూ సగంలోనే ఉంటుంది. కాబట్టి ప్రతి క్లిప్‌లోనూ సున్నా దగ్గర ఎడమ పాదం నేలను తాకాలి, 0.5 దగ్గర కుడి పాదం తాకాలి. ఒక్క క్లిప్ ఇందుకు ఎదురుగా, కుడి పాదంతో మొదలైందనుకోండి. నడకలో ఎడమ కాలు ముందున్న క్షణంలో పరుగులో ఎడమ కాలు వెనకుంటుంది. సగంసగం కలిపితే రెండు కాళ్లూ నడుము కిందకే చేరతాయి. హీరో చిన్నచిన్న అడుగులతో తడబడుతూ జారిపోతున్నట్టు కనిపిస్తాడు. విడిగా చూస్తే క్లిప్‌లన్నీ బాగుండి, మధ్య వేగంలో మాత్రమే కాళ్లు ముడుచుకుపోతుంటే తప్పు ఇక్కడుందని వెంటనే గుర్తుపట్టవచ్చు. క్లిప్ సెట్టింగుల్లోని `Cycle Offset` ను 0.5 చేస్తే తీరుతుంది.

దీని తమ్ముడొకడు ఉన్నాడు. ఎడమకు స్ట్రేఫ్ చేసే క్లిప్ ఉంటే కుడిదాని కోసం వేరే క్లిప్ వెతకక్కర్లేదు, `Mirror` టిక్కు పెడితే యూనిటీయే కుడిఎడమలు తిప్పి ఇస్తుంది. సగం పని తప్పుతుంది కాబట్టి అందరూ వాడతారు. కానీ కుడిఎడమలు తిరిగినప్పుడు పాదాలూ తిరుగుతాయి కదా. ఎడమ పాదంతో మొదలైన క్లిప్ ఇప్పుడు కుడి పాదంతో మొదలవుతుంది. మిర్రర్ చేసిన ప్రతి క్లిప్‌కూ అర చుట్టు జరపడం తప్పనిసరి. ఎడమకు పోయేటప్పుడు బాగానే ఉండి కుడికి పోయేటప్పుడే తడబడే హీరోలలో చాలామంది జబ్బు ఇదే.

నిలబడి ఉన్న క్లిప్‌దీ ఇలాంటి పేచీయే. ఊపిరి పీలుస్తూ నిలబడ్డ క్లిప్ సాధారణంగా నాలుగైదు సెకన్లు ఉంటుంది. కలిపినప్పుడు నిడివికి కూడా సగటే. నాలుగు సెకన్ల నిలబాటును ఒక సెకను నడకతో సగంసగం కలిపితే ఒక చుట్టుకు రెండున్నర సెకన్లు పడుతుంది. హీరో బయలుదేరేటప్పుడు నీళ్లలో నడుస్తున్నట్టు కాలు లేపుతాడు. నేనైతే ట్రీ మధ్యలో ఒక సెకను నిడివితో కదలని భంగిమను పెట్టి, ఊపిరి తీసే అసలు క్లిప్‌ను ట్రీ బయట వేరే స్టేట్‌గా ఉంచడమే మేలంటాను.

అడుగుల వరస కుదిరాక కూడా పాదాలు జారుతూనే ఉంటాయి. ఇది అంకెల్లో చూస్తేగానీ అర్థం కాదు. మన హీరో నడకకూ పరుగుకూ సరిగ్గా మధ్యలో, సెకనుకు 2.75 మీటర్ల వేగంతో ముందుకు పోతున్నాడు. ట్రీ రెంటినీ చెరిసగం కలిపింది. ఒక చుట్టులో పోయే దూరం 1.5కూ 2.8కూ మధ్య, అంటే 2.15 మీటర్లు. పట్టే సమయం ఒక సెకనుకూ 0.7 సెకనుకూ మధ్య, అంటే 0.85. భాగిస్తే కాళ్లు చూపించే వేగం సెకనుకు 2.53 మీటర్లే. శరీరం మాత్రం 2.75తో పోతోంది. ఆ తేడా, ఎనిమిది శాతం, నేలమీద పాదం జారడంగా బయటపడుతుంది. సగటు దూరాన్ని సగటు కాలంతో భాగిస్తే సగటు వేగం రాదన్న బడి లెక్కే ఇది. ఎనిమిది శాతాన్ని చాలామంది కనిపెట్టలేరు. కావాలంటే ఆ మధ్య వేగాల్లో క్లిప్‌ను 1.09 రెట్లు వేగంగా ఆడించవచ్చు, లేదా మధ్యలో జాగింగ్ క్లిప్ ఒకటి పెట్టవచ్చు.

మూలగా పోయేటప్పుడు మాత్రం జారడం కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుంది. ముందుకు 4, కుడికి 4 మీటర్ల వేగమున్న రెండు పరుగు క్లిప్‌లే ఉన్నాయనుకుందాం. హీరో సరిగ్గా 45 డిగ్రీల మూలకు అదే 4 మీటర్ల వేగంతో పోవాలి. ట్రీ చెరిసగం కలుపుతుంది: ముందుకు 2, కుడికి 2. ఈ రెంటినీ కలిపితే మూలకు వచ్చే వేగం నాలుగు కాదు, 2.83. విల్లు వంపు వెంట నడవమంటే కాళ్లు వింటినారి వెంట నడుస్తున్నాయి. వంపుకూ నారికీ మధ్య ఖాళీ అంతా జారుడే. దాదాపు ముప్పై శాతం. చూసేవాడికి హీరో చక్రాల బూట్లేసుకుని పరిగెత్తుతున్నట్టు ఉంటుంది.

క్లిప్‌ను 1.41 రెట్లు వేగంగా ఆడిస్తే అంకెలు సరిపోతాయి గానీ 0.7 సెకనులో తిరిగే కాళ్లు అర సెకనులో తిరుగుతాయి. చిన్న అడుగులు టపటపా వేస్తున్న మనిషి కనిపిస్తాడు. అసలైన మందు మూలలకు కూడా విడిగా క్లిప్‌లు పెట్టడం. అప్పుడు పక్కపక్క క్లిప్‌ల మధ్య కోణం 90 నుంచి 45 డిగ్రీలకు తగ్గుతుంది. రెంటికీ నట్టనడుమ, 22.5 డిగ్రీల దగ్గర తప్పు అన్నింటికన్నా ఎక్కువ ఉంటుంది, అదీ ఎనిమిది శాతం లోపే. నడకకు ఎనిమిది, పరుగుకు ఎనిమిది, నిలబడటానికి ఒకటి, మొత్తం పదిహేడు క్లిప్‌లు. కుడివైపువి మాత్రమే తయారు చేసి ఎడమకు మిర్రర్ వాడితే పదకొండుతో గడుస్తుంది. తొమ్మిదితో సరిపెట్టుకోవాలంటే మూలల క్లిప్‌లను నడకకు వదిలేసి పరుగుకు ఉంచుకోవడం తెలివైన పని. 1.5 మీటర్ల వేగంలో ముప్పై శాతం తప్పు సెకనుకు అర మీటరు కూడా జారదు. 4 మీటర్ల దగ్గర ఒక మీటరు దాటుతుంది.

ఇన్ని క్లిప్‌లు పెట్టినా లొంగనిది ఒకటుంది. మనిషి కుడిముందుకు పరిగెత్తేటప్పుడు పైభాగాన్ని ముందుకే ఉంచి, నడుమును కుడికి తిప్పి, మామూలు పరుగులాగే పరిగెత్తుతాడు. కుడివెనక్కు పోయేటప్పుడు నడుమును ఎడమకు తిప్పి, వెనకడుగులు వేస్తాడు. లేచి నాలుగడుగులు వేసి చూస్తే తెలిసిపోతుంది. మరి ఈ రెంటికీ మధ్యలో, నేరుగా కుడికి పోతున్నప్పుడు నడుము ఎటు? రెండు విధాలుగానూ పోవచ్చు. క్లిప్ తీసినవాళ్లు ఏదో ఒకటి ఎంచుకుని ఉంటారు. వాళ్లు ముందు పద్ధతి ఎంచుకున్నారనుకుంటే, నేరు కుడికీ కుడివెనక్కూ మధ్య ట్రీ తీసే సగటులో నడుము నిటారుగా నిలిచి, మోకాళ్లు ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోతాయి. కర్ర కొద్దిగా కిందికి లాగిపట్టి పక్కకు పరిగెత్తించి చూడండి, ఆ వికారం అక్కడే కనబడుతుంది.

దీనికి ఒకే ట్రీలో పరిష్కారం వెతకడం నా దృష్టిలో దండగ. నడుము ముందుకు పడే దిక్కులన్నింటికీ ఒక ట్రీ, వెనకడుగుల దిక్కులన్నింటికీ మరొకటి కట్టాలి. నేరు పక్కలకు పోయే క్లిప్‌లు రెండింటిలోనూ ఉంటాయి, వాటి వాటి పద్ధతిలో. ఒకదానినుంచి మరోదానికి 0.15 లేదా 0.2 సెకనులో మారిపోవాలి. నడుము తిరగడం అప్పుడూ జరుగుతుంది గానీ, హీరో ఆ అసహ్యమైన మధ్యస్థితిలో నిలిచిపోడు. మారే గీతను సరిగ్గా 90 డిగ్రీల దగ్గర పెడితే పక్కకు పోతున్నంతసేపూ ఇటూ అటూ ఊగిసలాడుతుంది. అందుకే 100 డిగ్రీలు దాటితేనే వెనక ట్రీకి పోవాలి, మళ్లీ 80 కంటే తగ్గితేనే ముందుకు రావాలి.

డిగ్రీల మాట వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. అన్‌రియల్‌లో పాఠాలన్నీ ఎక్కువగా వేగం ఒక గీతమీద, -180 నుంచి 180 దాకా దిక్కు మరో గీతమీద పెట్టి మొదలవుతాయి. హీరో సరిగ్గా వెనక్కి పోతుంటే ఆ విలువ 179కీ -179కీ మధ్య గెంతుతుంటుంది. మనిషి కదిలింది రెండు డిగ్రీలే అయినా, మెత్తదనం కోసం పెట్టిన సవరణ 179 నుంచి సున్నా మీదుగా -179కి ప్రయాణం కడుతుంది. దారిలో కాసేపు ముందుకు పరిగెత్తే క్లిప్ ఆడుతుంది. కోణానికి బదులు పక్క వేగం, ముందు వేగం అని రెండు అంకెలు పంపితే ఈ తలనొప్పి పుట్టదు.

ఇదంతా సరిగ్గా కుదిరిందో లేదో మామూలు వేగంతో ఆడి చూస్తే తెలియదు, కన్ను మోసపోతుంది. నేలకు మీటరు మీటరు గళ్లున్న టెక్స్‌చర్ వేసి, `Time.timeScale` ను 0.2కి తగ్గించి, కెమెరాను పాదాల దగ్గరికి దించాలి. నేలమీద ఆనిన పాదం పైకి లేచేదాకా గడిలో ఒకే చోట ఉండాలి. ఎనిమిది దిక్కుల్లో నడక, ఎనిమిది దిక్కుల్లో పరుగు, ఆ తర్వాత మధ్య వేగాలు చూడాలి. జారుడు అన్ని దిక్కుల్లో ఒకేలా ఉంటే ట్రీలో వేసిన అంకె తప్పు. మూలల్లోనే ఉంటే క్లిప్‌లు చాల్లేదు. ఒక్క పక్కనే ఉంటే మిర్రర్ సంగతి చూడాలి.

బయలుదేరడం, ఠక్కున ఆగడం, గిరుక్కున వెనక్కి తిరగడం ఈ ట్రీ వల్ల కావు. ఒకే తీరులో సాగే చుట్లనే అది కలపగలదు; పరుగులోంచి ఆగే మనిషి బరువు మడమ మీద వేసి వెనక్కి వాలడమన్నది ఏ చుట్టులోనూ లేదు. వాటికి ట్రీ బయట వేరే క్లిప్‌లు కావాలి. 2017లో వచ్చిన ‘ఫర్ ఆనర్’ కోసం యూబిసాఫ్ట్ ఈ లెక్కనే పక్కన పెట్టి మోషన్ మ్యాచింగ్ అనే పద్ధతికి వెళ్లింది. అందులో నటుల కదలికలను గంపగుత్తగా రికార్డు చేసి పెట్టుకుంటారు. హీరో ఇప్పుడున్న భంగిమకూ పోబోయే దారికీ ఏ ముక్క దగ్గరగా ఉందో ఇంజిన్ సెకనుకు ఎన్నోసార్లు వెతికి అక్కడికి దూకుతుంది. దానికి రికార్డింగ్ స్టూడియో, నటులు, తగినంత మెమరీ కావాలి. ముగ్గురు కలిసి చేసే ఆటకు పదకొండు క్లిప్‌లు, రెండు ట్రీలు, ఆగడానికి ఎడమ కాలితో ఒకటీ కుడి కాలితో ఒకటీ క్లిప్‌లు చాలు. ఆగేటప్పుడు ఏ పాదం నేలమీద ఉందో చుట్టులో ఎన్నో వంతు నడుస్తోందో చూస్తేనే తెలిసిపోతుంది, అన్ని క్లిప్‌లూ ఎడమ పాదంతోనే మొదలయ్యేట్టు ముందే సర్దుకున్నాం కనుక.